మా నాన్నగారి అరికాలి మచ్చలో మార్పు – ఫోటోలు జతచేశాను

డాక్టర్ గారికి నమస్కారం.

నా పేరు మాధవి. మా నాన్నగారు సూర్యనారాయణ గారికి వచ్చే నెల 18న మీ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. ఎడమ అరికాలి మీద ఉన్న ఒక మచ్చ చూపించడానికి వస్తున్నాం. ఆ తేదీ దాకా ఆగడం మంచిదో కాదో తేల్చుకోలేక ముందుగానే ఈ ఉత్తరం, ఫోటోలు పంపుతున్నాను. చూశాక ముందే రమ్మనాలని మీకు అనిపిస్తే ఏ రోజు, ఏ టైము చెప్పినా తీసుకొస్తాను.

నాన్నగారికి 67 ఏళ్లు. సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యారు. 12 ఏళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ 500 ఉదయం, రాత్రి వేసుకుంటారు. ఈమధ్య చేయించిన మూడు నెలల సగటు పరీక్షలో 7.4 వచ్చింది. బీపీకి ఆమ్లోడిపిన్ 5, గుండె డాక్టర్ గారు రాసిన ఆస్ప్రిన్ 75 రోజూ వాడతారు. స్టెంట్ వేయలేదు. మందులేవీ పడకపోవడం అంటూ లేదు. పన్ను తీయించుకున్నప్పుడు ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ కూడా బాగానే పడింది. మాకు తెలిసినంతలో ఇంట్లో ఎవరికీ చర్మ క్యాన్సర్ రాలేదు.

ఆ మచ్చ కొత్తదేమీ కాదు. ఎడమ మడమకు కాస్త ముందు, లోపలి వైపు ఒక చిన్న గోధుమరంగు మచ్చ చాలాకాలంగా ఉంది. పుట్టుమచ్చే అనుకున్నాం. ఎప్పటి నుంచి ఉందో నాన్నకు కూడా గుర్తులేదు. అది అలాగే ఉండి ఉంటే మీకు ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు. అది మారుతోంది. మార్పు చూపించే ఫోటో అనుకోకుండా నా దగ్గర ఉంది.

జతచేసిన వాటిలో మొదటిది రెండేళ్ల కిందటిది. మడమ పగిలి పుండు పడుతుందేమోనని షుగర్ డాక్టర్ గారికి చూపించడానికి తీశాను. పగులు కోసం తీసిన ఫోటో కాబట్టి మచ్చ ఒక మూలకు ఉంది, కానీ స్పష్టంగానే కనబడుతోంది. గుండ్రంగా, అంతా ఒకే రంగులో, అంచు చక్కగా ఉంది. పక్కన స్కేలు లేదు. మడమ వెడల్పుతో పోల్చి లెక్కేస్తే 5 మిల్లీమీటర్లకు మించదనిపిస్తోంది. రెండో ఫోటో కిందటి నవంబరులో తీసింది, అదంత బాగా రాలేదు. అయినా ఒక వైపు నలుపెక్కి, కాలివేళ్ల దిక్కుగా కొంచెం సాగినట్టు తెలుస్తుంది.

మిగతావన్నీ ఈ ఆదివారం ఉదయం కిటికీ దగ్గర పగటి వెలుతురులో తీశాను. ఫ్లాష్ వేస్తే మెరుపు వచ్చి రంగులు మారిపోతున్నాయని ఆపేశాను. ఒకటి పాదం మొత్తం, మచ్చ ఎక్కడుందో తెలియడానికి. రెండు దగ్గరి నుంచి, పక్కనే స్కేలు పెట్టి. ఇప్పుడు పొడవు 13 మిల్లీమీటర్లు, వెడల్పు 9. చివరి ఫోటోకి గదిలో లైటు తీసేసి పక్క నుంచి టార్చి వేశాను, ఎత్తు తెలుస్తుందని. వేలితో తడిమితే మచ్చ నడిమధ్యలో చిన్న గడ్డలాగా గట్టిగా తగులుతోంది. ఇంతకుముందు చదునుగానే ఉండేది.

రంగుల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఫోన్ కెమెరాలో అన్నీ సరిగ్గా పడలేదు. మడమ వైపు సగం దాదాపు నల్లగా ఉంది. మధ్యలో ముదురు గోధుమ, ఒక చోట బూడిదరంగులో నీలం కలిసినట్టు ఉంది. వేళ్ల వైపు అంచు మాత్రం తడి కాగితం మీద సిరా పాకినట్టు ఎక్కడ ఆగిందో తెలియకుండా చర్మంలో కలిసిపోతోంది. గడ్డలా ఉన్నచోట రంగే లేదు, లేత ఎరుపుగా, పచ్చిగా ఉంది. ఇంకొకటి, నాలుగో ఫోటోని పెద్దది చేసి చూస్తే అరికాలి చర్మంలో సన్నటి గీతలుంటాయి కదా, ఆ గీతల మధ్య ఎత్తుగా ఉండే గట్ల మీదే నలుపు చిక్కగా ఉంది, పల్లంగా ఉన్న గీతల్లో పలుచగా ఉంది. దీనికి అర్థం ఉందో లేదో మీకే తెలుస్తుంది, నా కంటికి కనబడింది కాబట్టి రాస్తున్నాను.

నొప్పి లేదు. ఈ మాట నాన్న ప్రతిసారీ అంటారు. "నొప్పి లేనిదాన్ని పట్టుకుని ఇంత హడావిడి దేనికమ్మా" అని. కానీ షుగర్ వల్ల ఆయన పాదాలకు స్పర్శ కొంత తగ్గింది, చెప్పులో చిన్న రాయి దూరినా వెంటనే తెలియదు. అందుకే నొప్పి లేకపోవడం నాకు ధైర్యం ఇవ్వడం లేదు. అప్పుడప్పుడు దురద అంటారు. ఫిబ్రవరి నుంచి సాక్సు మీద గోధుమరంగు మరక పడుతోంది. మొదట బూటు లోపలి రంగు అనుకున్నాం, ఒక సాయంత్రం సాక్సు విప్పగానే చూస్తే తాజా రక్తం. ఇప్పుడు ఎర్రగా ఉన్న భాగం నుంచి పలుచగా రసి కారుతుంది, ఎండి చెక్కు కడుతుంది, నడిస్తే చెక్కు ఊడి మళ్లీ మొదలవుతుంది. ఇన్ని వారాలైనా మానలేదు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు, ఆకలి బాగానే ఉంది. గజ్జల్లో బిళ్ళల్లాంటివి ఏమీ తగలడం లేదని నాన్న చెబుతున్నారు. ఆయన ఎంత శ్రద్ధగా చూసుకున్నారో నాకు నమ్మకం లేదు, మీరు తప్పకుండా చూడండి. రెండో అరికాలు, అరచేతులు, గోళ్లు అన్నీ నేను చూశాను, ఇలాంటివి ఎక్కడా లేవు.

జనవరిలో ఒక క్లినిక్‌లో చూపించాం. ఆనెకాయ అయివుంటుంది, లేదా పులిపిరి అని చెప్పి సాలిసిలిక్ యాసిడ్ పూత మందు ఇచ్చారు. మూడు వారాలు రాశాం. పైచర్మం తెల్లగా ఉబ్బి పొరలు పొరలుగా లేచింది కానీ అడుగున నలుపు అలాగే ఉంది. ఆ తర్వాతే రక్తం మొదలైంది కాబట్టి మందు ఆపేశాం. రక్తం మందు వల్ల వచ్చిందా, మచ్చ వల్ల వచ్చిందా అన్నది కూడా మీరే చెప్పాలి. దెబ్బ తగిలి కమిలిన రక్తమేమో అని ఒకరన్నారు. అలాంటి దెబ్బేదీ నాన్నకు గుర్తులేదు, పైగా కమిలినదైతే ఈపాటికి చర్మంతోపాటు పైకి వచ్చి పోవాలి కదా. ఇంతవరకు బయాప్సీ ఎవరూ చేయలేదు.

మా బంధువొకరు లేజరుతో కాల్చి తీసేస్తారు, పది నిమిషాల పని అని నాన్నను దాదాపు ఒప్పించేశారు. నేను గట్టిగా వద్దన్నాను. కాల్చేస్తే పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు, అదేమిటో ఎప్పటికీ తెలియదు. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. బ్లేడుతో గట్టి చర్మం గీసుకునే అలవాటు నాన్నకు ఉండేది, అదీ మానిపించాను. ప్రస్తుతం ఉప్పునీళ్లతో కడిగి, పొడి గాజుగుడ్డ కట్టి ఉంచుతున్నాం, ఏ పూతా రాయడం లేదు.

నా భయమేమిటో దాచకుండా చెబుతాను. మెలనోమా. మన రంగు చర్మం వాళ్లలో అది అరుదని చదివాను, కానీ వచ్చినప్పుడు అరికాలు, అరచేయి, గోరు కింద వచ్చే రకమే ఎక్కువని కూడా చదివాను. "జీవితమంతా ఎండలో తిరిగాను, నిజమే, కానీ అరికాలికి ఎండెక్కడ తగిలింది" అని నాన్న వాదన. ఈ రకానికి ఎండతో పెద్దగా సంబంధం లేదని తెలిశాక ఆ వాదన నన్ను ఊరడించడం లేదు. ఇలాంటివాటిని పులిపిరి అనో, షుగర్ పుండు అనో అనుకుని నెలలు గడిచిపోతుంటాయని తెలిసినప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేను అనుకున్నది తప్పని మీరు ఒక్క మాట అంటే అంతకంటే సంతోషం లేదు. కానీ ఫోటో చూసి ఆ మాట అనొద్దు మేడమ్, డెర్మోస్కోపుతో కాలు చూసి అనండి.

బయాప్సీ చేయాలంటే మచ్చ మొత్తం తీస్తారా, ముక్క తీస్తారా? ముక్కే అయితే ఎక్కడి నుంచి తీస్తారు? ఎర్రగా ఉబ్బినచోట ఒక రకంగా, పాకిన అంచులో ఇంకో రకంగా ఉంది కాబట్టి అడుగుతున్నాను. అలాంటిదే అయితే ఎంత లోతుకు దిగిందన్నదాన్ని బట్టి తర్వాతి వైద్యం ఉంటుందని విన్నాను, మరి ముక్కతో ఆ లోతు సరిగ్గా తెలుస్తుందా? ఆస్ప్రిన్ సంగతి కూడా చెప్పండి. మా అంతట మేము ఆపడం లేదు, ఆపాల్సి వస్తే గుండె డాక్టర్ గారిని అడగాలి, అందుకే ముందే తెలిస్తే మంచిది. అరికాలి మీద కుట్లు వేస్తే ఎన్నాళ్లు కాలు మోపకూడదో, షుగర్ ఎంతలో ఉండాలో కూడా చెబితే ఇంట్లో ఏర్పాట్లు చేసుకుంటాను.

ఇంకొక్క విషయం, ఇది నాన్న నోటితో మీకు చెప్పరు. ఆయనతో పనిచేసిన ఒకాయనకు షుగర్ పుండు ముదిరి కాలు తీసేశారు. అప్పటి నుంచి పాదం చూపించమంటే చాలు, మాట మార్చేస్తారు. హడావిడి వద్దనడం వెనక ఉన్నది నిర్లక్ష్యం కాదు, ఆ భయం. మా ఇంట్లో అందరికంటే నాకది బాగా తెలుసు. కాబట్టి పరీక్ష ఎందుకు చేస్తున్నారో, కాలికి ఏం చేస్తారో, ఏం చేయరో ఆయనకే నేరుగా చెప్పండి. రిపోర్టు ఏది వచ్చినా ఆయనతోనే మాట్లాడండి, నన్ను పక్కకు పిలిచి చెప్పొద్దు. సర్వే పటాలు చదివిన మనిషి, బొమ్మ గీసి చూపిస్తే చక్కగా అర్థం చేసుకుంటారు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను, ఈ పేరా తప్ప. ఫోటోలు పంపడానికి ఒప్పుకున్నారు. వైద్యవిద్యార్థులకు చూపించాలనుకుంటే మాత్రం ఆయన్ని ఒకసారి అడగండి, కాదనరు.

పాత ప్రిస్క్రిప్షన్లు, షుగర్ రిపోర్టులు, గుండె డాక్టర్ గారి చీటీ వచ్చేటప్పుడు తెస్తాను. ఫోటోలు స్పష్టంగా లేకపోతే చెప్పండి, ఈరోజే మళ్లీ తీసి పంపుతాను. ఈ మెయిల్‌కు జవాబిచ్చినా, క్లినిక్ నుంచి ఫోన్ చేయించినా సరే, నా నంబరు అపాయింట్‌మెంట్ రికార్డులో ఉంది. మధ్యలో ఎవరైనా పేషెంట్ రాకపోయి ఖాళీ దొరికినా పిలవండి, గంటలో వచ్చేస్తాం.

కృతజ్ఞతలతో,
మాధవి
(సూర్యనారాయణ గారి అమ్మాయి)