ఆర్కే బీచ్‌లో బజ్జీతో దొరికిపోయిన ఫోటోకి క్యాప్షన్లు

ఫోటో ఇదీ. ఆదివారం సాయంత్రం ఐదు దాటింది, విశాఖ ఆర్కే బీచ్, వెనక ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్. పసుపు చీరలో అక్క. నోట్లో సగం మిరపకాయ బజ్జీ, మిగతా సగం చేతిలో. ఎడమ కన్ను పూర్తిగా మూత, కుడి కన్ను సగం. జుట్టంతా ముక్కు మీదకి, పమిట చెంగు కెమెరా మీదకి. గడ్డానికి ఒక ఉల్లిపాయ ముక్క. పక్కన మేనకోడలు మాత్రం పళ్లన్నీ కనబడేలా ఎంతో చక్కగా నవ్వింది, అందుకే ఈ ఫోటో తీసేయడానికి ఎవరికీ మనసొప్పట్లేదు. తీసింది తమ్ముడు, చెప్పకుండా.

కింద ఉన్నవన్నీ అక్క మాటలుగానే పెట్టుకోవాలి. ఒళ్లు, రంగు జోలికి ఒక్కటీ పోదు. వాటి మీద మనం ఒక మాట అంటే కామెంట్లలో పదిమంది పది అంటారు. గాలి, బజ్జీ, చెంగు ఉండగా వాటి అవసరమే లేదు.

ఇన్‌స్టాగ్రామ్‌కి

మొదటి ఒకట్రెండు లైన్లు దాటాక మిగతాది మడతలోకి పోతుంది కాబట్టి ఇవి పొట్టివి. ఒక్కటే ఎంచుకోవాలి.

కురుసుర 31 ఏళ్లు దేశసేవ చేసి రిటైరైంది. నా ఎడమ కన్ను తమ్ముడు ఫోన్ ఎత్తగానే రిటైరైంది.

రోడ్డు అవతల టీయూ-142 విమానం 29 ఏళ్లు ప్రమాదం లేకుండా ఎగిరింది. రోడ్డు ఇవతల నేను ఒక్క బజ్జీ ప్రమాదం లేకుండా తినలేకపోయాను.

ఇంట్లో అరగంట దువ్వుకున్నాను. దిగగానే సముద్రం మళ్లీ దువ్వింది.

వెనక 91 మీటర్ల సబ్‌మెరైన్ ఉంది. అయినా మీరందరూ నా గడ్డం మీది ఉల్లిపాయ ముక్కనే చూస్తున్నారని తెలుసు.

బజ్జీ ఎంత వేడిగా ఉందని అడక్కండి. మొహం చూసి చెప్పేయండి.

ఏటర్రా, సెప్పకుండా తీసీసినారేటి? ఉండండి, ఇది మింగీసి మాటాడతాను.

చందనం లేని నిజరూప దర్శనం సింహాద్రి అప్పన్న ఇచ్చేది ఏడాదికి ఒక్కసారి. ఫిల్టర్ లేని నా నిజరూపం తమ్ముడి ఫోన్లో రోజూ దొరుకుతుంది, టికెట్ కూడా లేదు.

ఈ చివరిది స్నేహితుల వరకే బావుంటుంది. విశాఖలో ఎవరికైనా చందనోత్సవం గుర్తొచ్చి వెంటనే నవ్వొస్తుంది గానీ, ఇంట్లో పెద్దవాళ్లకి దేవుడితో పోలిక నచ్చకపోవచ్చు. వాళ్లున్న చోట విమానం క్యాప్షన్ పెడితే సరిపోతుంది.

ఫేస్‌బుక్‌కి, పెద్ద క్యాప్షన్

ఈ ఫోటో ఇలా ఎందుకొచ్చింది అని అడుగుతున్నవారికి, అంచెలంచెలుగా నా వాంగ్మూలం.

కన్ను: మన బీచ్‌లో సముద్రం తూర్పు వైపు. సాయంత్రం సముద్రానికి వీపు పెట్టి నిలబడితే ఊరి వైపు నుంచి వాలే ఎండ నేరుగా కళ్లల్లో పడుతుంది. ఒక కన్ను మూశాను, రెండోది ఆలోచిస్తోంది.

జుట్టు: పగలంతా నేల నీళ్లకన్నా బేగి వేడెక్కుతుంది, అందుకని గాలి సముద్రం నుంచి ఒడ్డుకి వస్తుంది. అంటే నా వెనక నుంచి. సినిమాల్లోలా జుట్టు వెనక్కి ఎగరాలంటే సముద్రం వైపు తిరగాలి. నేను బజ్జీల బండి వైపు తిరిగాను. తప్పు గాలిది కాదు.

చెంగు: పై కారణమే. పిన్ను పెట్టమని వదిన చెప్పింది.

చెయ్యి: తమ్ముడు సబ్‌మెరైన్ మొత్తం రావాలని 0.5 జూమ్ పెట్టి, నన్ను ఫ్రేము అంచుకి తోశాడు. వెడల్పు లెన్స్ అంచున ఉన్నదాన్ని సాగదీస్తుంది. నా మోచెయ్యి భీమిలి దాకా వెళ్లింది. మధ్యలో నిలబడ్డ పాప మాత్రం ఉన్నది ఉన్నట్టు, ముద్దుగా వచ్చింది.

నోరు: మిరపకాయ బజ్జీని చీల్చి, ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చారు. పైన చల్లారినట్టే ఉంటుంది, లోపల కాయ పొగలు కక్కుతూ ఉంటుంది. ఇలాంటిది మూడు కొరుకుల్లో తినాలి. నేను ఒక్క కొరుక్కి సగం లాగించాను. సరిగ్గా ఆ క్షణంలో ఊదడానికి నోరు తెరిచాను, సరిగ్గా ఆ క్షణంలో క్లిక్.

ఇంతమంది సాక్షులు నాకు వ్యతిరేకంగా ఉన్నారు కాబట్టి నేరం ఒప్పుకుంటున్నాను. బజ్జీ మాత్రం అద్భుతం.

వాట్సాప్ స్టేటస్‌కి, మూడు ముక్కలుగా

ఒకే ఫోటోని మూడుసార్లు కోసి వరసగా పెట్టాలి. ముందు పూర్తి ఫోటో పెట్టేస్తే మిగతా రెండిటికీ పనుండదు.

పాప వరకే కోసినది: మా బంగారం బీచ్‌లో ఎంత బాగా నవ్విందో చూడండి.

పూర్తి ఫోటో: పక్కన ఎవరో అడ్డొచ్చారు, పట్టించుకోకండి.

బజ్జీ మాత్రమే, బాగా దగ్గరగా: ఆ అడ్డొచ్చినావిడ చేతిలోది మాత్రం పట్టించుకోండి.

ఇంటి గ్రూపుకి

అత్తయ్యా, కంగారు పడకండి. ఏడుపు కాదు, మిరపకాయ. పాప బాగా పడిందని పంపుతున్నాను, నన్ను బొటనవేలితో కప్పి చూడండి.

అమ్మా, బయటి నూనె సరుకు మానేశానని మొన్న ఫోన్లో చెప్పాను కదా. మొన్నటికి అది నిజమే.

ఆఫీసు గ్రూపుకి

ఇక్కడ ఒక్క లైనే. ఎక్కువ రాస్తే సంజాయిషీలా ఉంటుంది.

రేపు పది గంటల మీటింగ్‌కి వచ్చేది ఈ మనిషే. కళ్లు రెండూ తెరిచి వస్తాను.

ఫోటో తీసినవాడి పేరుకి బదులు

ఫోటో: మా తమ్ముడు. అనుమతి: ఎవరూ ఇవ్వలేదు. లెక్క: రాఖీ పండక్కి తేలుస్తాను.

చూపు లేనివారి కోసం ఫోటో వివరణ

క్యాప్షన్‌తో పాటు ఇదీ పెట్టాలి. ఫోన్ చదివి వినిపించేటప్పుడు ఫోటోలో ఏముందో తెలియకపోతే పై హాస్యమంతా వాళ్లకి అందకుండా పోతుంది.

సాయంత్రపు ఎండలో బీచ్. వెనక పొడవాటి నల్లని సబ్‌మెరైన్. మధ్యలో నవ్వుతున్న చిన్న పాప. కుడి అంచున పసుపు చీరలో ఒకావిడ: ఒక కన్ను మూసి, జుట్టు మొహం మీద పడి, వేడి బజ్జీ కొరుకుతూ నోరు తెరిచి ఉంది. గడ్డం మీద ఉల్లిపాయ ముక్క. ఆవిడ నేనే.

కామెంట్లు వచ్చాక

"ఇది పెట్టడం అవసరమా?" అంటే: నేను పెట్టకపోతే తమ్ముడు పెడతాడు. వాడి క్యాప్షన్ మీకు తెలీదు.

"ఏంటే, లావయ్యావా?" అని పిన్ని అడిగితే: అంచున నిలబడ్డాను పిన్నీ, లెన్స్ సాగదీసింది. ఆదివారం ఇంటికొస్తాను, మధ్యలో కూర్చోబెట్టి చూడు.

"డిలీట్ చెయ్యి అక్కా" అంటే: వాడు బటన్ నొక్కిపట్టి తీశాడమ్మా, ఇలాంటివి ఇంకో పదకొండు ఉన్నాయి. ఉన్నవాటిలో ఇదే బాగుంది.

"ఏ బండి దగ్గర?" అని బావ అడిగితే: సబ్‌మెరైన్ ఎదురుగా. వచ్చేటప్పుడు కళ్లజోడు తెచ్చుకోండి, ఫోటో తీసే పని నాది.