స్కాలర్‌షిప్ అర్జీ: దిద్దిన ప్రతి

తల్లీ, నీ అర్జీ దిద్ది కింద రాశాను. తప్పులు క్రియల దగ్గరే ఉన్నాయి. "నాన్నగారు చేస్తున్నాడు" అన్నావు. గారు పెడితే "చేస్తున్నారు" అనాలి. నువ్వు ఇంట్లో పిలిచే "నాన్న" అనే మాటే బాగుంది కాబట్టి గారు తీసేసి, క్రియలో గౌరవం ఉంచాను. "పూత రాలిపోయాయి" కాదు, "రాలిపోయింది". "చదవాలని కోరికగా ఉన్నాను" బదులు "చదువుకోవాలని ఉంది" చాలు. అమ్మ కమ్మలు తాకట్టు పెట్టిన మాట కొట్టేసి ఉంది, ఎందుకమ్మా? అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మళ్లీ పెట్టాను.

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నేను బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఆదాయ ధ్రువపత్రం పాతదని నా స్కాలర్‌షిప్ దరఖాస్తును తిరస్కరించారు. తహసీల్దార్ ఆఫీసులో కొత్తది తీసుకుని జతచేశాను.

మా నాన్న రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశారు. నల్ల తామర పురుగు పట్టి పూత రాలిపోయింది. పంట డబ్బు కోత కూలీలకే సరిపోలేదు. కౌలు మాత్రం కట్టాల్సిందే. మొదటి ఫీజు అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి కట్టారు. రెండో ఫీజుకు ఇంట్లో ఏమీ లేదు. అయినా చదువు మానెయ్యమని నాన్న ఒక్కసారి కూడా అనలేదు. నాకు చదువుకోవాలని ఉంది. దయచేసి నా దరఖాస్తును మళ్లీ పరిశీలించండి.

ఇట్లు,
మీ విద్యార్థిని

దీన్ని నీ చేతిరాతతోనే రాయి. కింద సంతకం, పేరు, హాల్‌టికెట్ నంబరు మర్చిపోకు. శుక్రవారంలోగా ఆఫీసులో ఇచ్చి, జిరాక్స్ మీద అందినట్టు ముద్ర వేయించుకో.