జీతం పెంపు లేఖ: 2025-26

విజయవాడ, 7 ఏప్రిల్ 2025

అకౌంట్స్ సీనియర్ అసిస్టెంట్ సునీత గారికి,

గత ఏడాది పనికి మీకు 5కు 4 రేటింగ్ ఇచ్చాం. జీఎస్టీఆర్-1 ప్రతి నెలా 11వ తేదీలోపు, 3బి 20వ తేదీలోపు వెళ్లాయి. ఆలస్య రుసుము ఒక్క రూపాయి కూడా పడలేదు. సప్లయర్ల బిల్లులను 2బితో సరిచూసి, తేడా కనిపించిన రోజే వాళ్లకు ఫోన్ చేశారు. మన క్రెడిట్ ఆగిపోకుండా కాపాడింది ఆ అలవాటే. అది మీకు ఎవరూ చెప్పి చేయించింది కాదు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

5 ఎందుకు ఇవ్వలేదంటే, మెడికల్ షాపుల పాత బాకీల జాబితా సేల్స్ వాళ్లకు చాలాసార్లు ఆలస్యంగా అందింది. 90 రోజులు దాటాక వసూలు కష్టమవుతుందని మీకు తెలుసు.

ఏప్రిల్ 1 నుంచి మీ నెల జీతం రూ.28,000 నుంచి రూ.31,360కి, అంటే 12 శాతం పెరుగుతుంది. ఇందులో రూ.2,000 బేసిక్‌లో కలుస్తుంది కాబట్టి మీ పీఎఫ్ కోత రూ.240 పెరుగుతుంది, సంస్థ కూడా అంతే జమ చేస్తుంది.

వచ్చే ఏడాది బాకీల జాబితా ప్రతి సోమవారం ఉదయమే సేల్స్‌కు చేరాలి. కొత్తగా చేరిన అసిస్టెంట్‌కు రిటర్నుల పని సెప్టెంబరులోపు నేర్పండి. మీరు సెలవు పెట్టినా టెన్షన్ ఉండకూడదు.

రేటింగ్‌పై సందేహముంటే ఈ నెల 15లోపు నాతో మాట్లాడండి.

మేనేజింగ్ పార్ట్‌నర్