శ్రావణి పెళ్ళికి టిష్యూ మీద రాసుకున్న నాలుగు మాటలు

పెద్దలందరికీ నమస్కారం. నా పేరు మాధవి. కాకినాడ జేఎన్‌టీయూలో శ్రావణి, నేను ఒకే బ్రాంచి, హాస్టల్లో ఒకే గది. ఉద్యోగాలొచ్చి హైదరాబాద్ వెళ్ళాక కూకట్‌పల్లిలో ఒకే పోర్షన్. నిన్న రాత్రి ముహూర్తానికి ఇంకా టైముందని భోజనాల దగ్గర నేను, పద్మ కూర్చున్నాం. డాలస్ నుంచి ఫాతిమా వీడియో కాల్లో ఉంది. "రేపు స్టేజీ మీద శ్రావణి గురించి ఎవరో ఒకరు మాట్లాడాలి కదే" అంది ఫాతిమా. పెన్ను దొరకలేదు. పద్మ తన కాటుక పెన్సిల్ తీసి, ఆకు పక్కన పెట్టిన టిష్యూ మీద ముగ్గురం చెప్పినవి రాసేసింది. కాగితం తడిసి చిరిగిపోతోందని ఫోటో తీశాను. ఇదిగో, ఈ ఫోన్లో ఉంది. ఇందులో రాసినవే చెబుతాను. ఎక్కువసేపు తీసుకోను, వెనక బఫే దగ్గర పెసరట్లు వేడివేడిగా ఉన్నాయి.

పైన మొదటి మాట పద్మది: "కొబ్బరికాయలు."

హాస్టల్లో చదివినవాళ్ళకి అర్థమైపోయి ఉంటుంది. సెలవులకి గోదావరి లంకలోని ఇంటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా శ్రావణి చేతిలో ఒక గోనెసంచి ఉండేది. అమలాపురంలో బస్సెక్కి, ఎదుర్లంక వంతెన మీదుగా యానాం, అక్కణ్ణుంచి కాకినాడ. అంత దూరం ఆ సంచి మోసుకొచ్చి, మా ఫ్లోరంతా తిరిగి గదికో కాయ ఇచ్చేది. వార్డెన్ మేడమ్‌కి ఒకటి, వంటావిడకి రెండు. బాబాయ్ గారూ, మీ తోట కొబ్బరితో మా మెస్ పచ్చళ్ళు ఎన్ని బాగుపడ్డాయో మీకు తెలియదు!

రెండో మాట నాది: "సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్."

రెండో సంవత్సరం పరీక్షలకి ముందు నాకు టైఫాయిడ్ వచ్చింది. కళ్ళు తెరిస్తే తలనొప్పి, పుస్తకం పట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోయేవి. ఇంటికి పొమ్మన్నారు అందరూ. పోతే ఆ పేపరు పోతుంది. శ్రావణి ఏమీ అనలేదు. సాయంత్రం నా మంచం పక్కన నేల మీద చాప వేసుకుని, నోట్సు తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. సూత్రాలు కూడా చదివేది: "ఇక్కడ ఇంటిగ్రల్, కింద మైనస్ ఇన్ఫినిటీ, పైన ప్లస్ ఇన్ఫినిటీ, అర్థమైందా, మళ్ళీ చెప్పనా?" అని. మధ్యలో లేచి జావ కాచేది, మాత్ర ఇచ్చేది, మళ్ళీ కూర్చునేది. తన చదువు నేను నిద్రపోయాకే. పరీక్ష హాల్లో ప్రశ్న చూడగానే నాకు పేజీ గుర్తు రాలేదు, దాని గొంతు వినిపించింది. ఆ పేపరు పాసయ్యాను. ఆ విషయం దానికి థాంక్స్ చెబుదామని వెళ్తే, "నాకూ రివిజన్ అయింది కదే" అని మాట తప్పించేసింది.

ఇక్కడ అందరికీ ఒకటి చెప్పాలి. శ్రావణి ఎవరి దగ్గరా సాయం అడగదు. ఏదైనా కష్టం వస్తే దాని నోట వచ్చేది ఒక్కటే మాట: "నేను చూసుకుంటాలే." ఇల్లు మారినప్పుడూ అంతే, ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ పడ్డ నెలల్లోనూ అంతే, పిన్ని గారికి ఆపరేషన్ అయినప్పుడూ అంతే. అందరి బరువూ ఎత్తుకునేది, తన సంచి మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. ఇన్నేళ్ళూ మా ముగ్గురికీ అదే దిగులు. దీనికి ఎవరు తోడు దొరుకుతారు, దొరికినా వాళ్ళని దగ్గరికి రానిస్తుందా అని.

టిష్యూ మధ్యలో పెద్ద అక్షరాలతో ఒక అంకె ఉంది. దాని చుట్టూ పద్మ సున్నా చుట్టింది. "71."

2022 జూలై. గోదావరికి ఎంత వరద వచ్చిందో ఈ హాల్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఇందులో సగంమంది ఆ రోజుల్లో ఏటిగట్టు మీదో, పడవలోనో, బంధువుల ఇంట్లోనో ఉన్నవాళ్ళే. మేమేమో హైదరాబాద్‌లో ఉన్నాం. బాబాయ్ గారు లంకలోనే ఉన్నారు, పశువుల్ని వదిలి కదలనంటున్నారు. ఆఫీసులో శ్రావణి ఒక పక్క పని చేసుకుంటూ మరో పక్క ఫోన్లో నీటిమట్టం చూసుకుంటోంది. పక్క టీములో పనిచేసే ఒకాయన అది గమనించి, "మీది ఏ ఊరండీ?" అని అడిగాడు. చెప్పింది. "మాది భద్రాచలం. మా దగ్గర లెవెల్ ఎంతుందో కనుక్కుని మీకు పంపిస్తాను" అన్నాడు. ఆయనే మన పెళ్ళికొడుకు కార్తీక్ గారు. అదీ మొదటి పరిచయం.

భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ పెరిగిన నీరే పోలవరం దాటి, ధవళేశ్వరం దాటి మన లంకల్లోకి వస్తుంది. అందుకని అక్కడి అంకె మనకి ముందే అందితే, మనకి కాస్త టైం దొరుకుతుంది. ఆ రెండు రాత్రులూ కార్తీక్ గారి దగ్గర్నుంచి మెసేజీలు వచ్చాయి. వాటిలో ఉత్త అంకెలు. 60. 64. 67. "భయపడకండి" అని లేదు, "అంతా మంచే జరుగుతుంది" అని లేదు. ఎంతుందో అంతే. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ రాత్రి శ్రావణికి కావాల్సింది ఓదార్పు కాదు, నిజం. ఆ అంకెలు చూసే అది బాబాయ్ గారికి ఫోన్ చేసి, "నాన్నా, 67 దాటింది, తెల్లారేదాకా ఆగొద్దు, ఇప్పుడే గట్టు మీదికి తోలేయండి" అంది. అప్పటిదాకా ఎవరు చెప్పినా వినని బాబాయ్ గారు ఆ అంకె విని లేచారు. ఆవులు, దూడలు, అందరూ గట్టెక్కారు. ఆ వరద 71 అడుగులు దాటాకే తగ్గుముఖం పట్టింది. 1986 తర్వాత అంత నీరు అక్కడికి రావడం అదే.

అసలు విషయం మాకు వారం తర్వాత తెలిసింది. ఆ అంకెలు పంపుతున్న రాత్రే భద్రాచలంలో కార్తీక్ గారి ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి. వాళ్ళ అమ్మానాన్నలు పునరావాస కేంద్రంలో ఉన్నారు. ఆయన తన వాళ్ళ కోసం ఫోన్లు చేసుకుంటూ, ఆ మధ్యలోనే, సరిగ్గా పేరు కూడా తెలియని ఒక అమ్మాయికి గంటగంటకీ లెవెల్ పంపారు. తన ఇంటి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు.

అది తెలిసిన రోజు శ్రావణికి వచ్చిన కోపం చూడాలి! నేరుగా ఆయన సీటు దగ్గరికి వెళ్ళి, "మీ ఇల్లు మునిగితే నాకెందుకు చెప్పలేదు?" అని నిలదీసింది. ఆయన నెమ్మదిగా, "చూసుకుంటున్నాను కదండీ" అన్నారట. ఇంటికొచ్చి నాకు ఇదంతా చెబుతూ, "ఏంటే ఆ మనిషి, ఎవరికీ ఏమీ చెప్పడు" అని అది విసుక్కుంటుంటే నేను దాని మొహం చూస్తూ కూర్చున్నాను. ఆ వారాంతం దుప్పట్లు, బియ్యం, స్టవ్వు కొని, భద్రాచలం వెళ్ళే ఒక వ్యాన్‌లో వాళ్ళింటికి పంపింది. ఆయన వద్దంటే ఈసారి అది ఊరుకోలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో మనమందరం ఇక్కడ ఎందుకు కూర్చున్నామో చూస్తే తెలుస్తుంది.

నిశ్చితార్థం రోజు అత్తయ్యగారు ఒక మాట అన్నారు. భద్రాద్రి రాముడి కల్యాణానికి గోటితో ఒలిచిన తలంబ్రాలు కోరుకొండ నుంచి వెళ్తాయి కదా. "మా రాములవారి పెళ్ళికి బియ్యం మీ గోదావరి జిల్లా నుంచే వస్తాయమ్మా, ఇప్పుడు మా ఇంటికి కోడలూ అక్కణ్ణుంచే వస్తోంది" అని శ్రావణి చేయి పట్టుకున్నారు. అత్తయ్యగారూ, ఆ మాటకి ఆ రోజు పిన్ని గారు వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు. మీకు చెప్పాలని ఇది కూడా టిష్యూ మీద రాయించాను.

ఫాతిమా రాయించినది చివర్లో, కొంచెం అలుక్కుపోయింది: "జగ్గన్నతోట." కనుమ రోజు మా ముగ్గుర్నీ శ్రావణి ప్రభల తీర్థానికి తీసుకెళ్ళింది. ప్రభని భుజాలకెత్తుకుని కౌశికలోకి దిగినవాళ్ళు "అశ్శరభ శరభ" అంటుంటే, గట్టు మీద నిలబడి మా అందరికంటే గట్టిగా అరిచింది ఇదే. మర్నాడు గొంతు లేదు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే పిల్ల అంత సంబరంగా అరవడం అదే మొదటిసారి చూశాం. బావగారూ, మీరు ఇంకా చూడలేదు. ఈ కనుమకి అల్లుడి హోదాలో రండి, తప్పకుండా చూస్తారు.

బావగారూ, ఇంకొక్క మాట మీకే. ఇది "నేను చూసుకుంటాలే" అన్న రోజున మీరు చేతిలో పని పక్కన పెట్టేయండి. ఆ రోజే దానికి మీరు కావాలి. ఇది మాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు, మీకు ముందే చెప్పేస్తున్నాను.

శ్రావణీ, నీకు కూడా. ఆయన అదే మాట అంటే నువ్వూ వినకు. ఇద్దరూ ఒకేసారి "నేను చూసుకుంటా" అని మొండికేస్తే మాకు ఫోన్ చెయ్యి. పద్మ రాజమండ్రిలోనే ఉంటుంది, రాత్రి ఎంతైనా వస్తుంది. నేను హైదరాబాద్‌లో పక్క వీధిలోనే ఉంటాను. ఫాతిమాకి మన రాత్రి పగలే. నువ్వు మా అందరి మంచాల పక్కనా కూర్చున్నావు, నీ పక్కన కూర్చునే వంతు మాకు ఇంతవరకూ ఇవ్వలేదు. అది మాకు కావాలి. నీ మీద మాకున్న ప్రేమకి అది హక్కు కూడా.

ఇప్పుడు ఒక పని చేద్దాం. పెళ్ళివారు భద్రాచలం పద్ధతిలో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి పానకం చేయించారు. వచ్చేటప్పుడు అందరికీ గ్లాసులు ఇచ్చారు. తాగేసినవాళ్ళుంటే పక్కవాళ్ళ దాంట్లోంచి కొంచెం పోయించుకోండి. పెద్దలు కూర్చునే ఉండండి, మిగతావాళ్ళం లేచి నిలబడదాం. ఫాతిమా, నువ్వు నీ కాఫీ కప్పు ఎత్తు, కనిపిస్తోంది.

మా శ్రావణికి, మా కార్తీక్ బావగారికి! ఇద్దరూ నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా, పిల్లాపాపలతో, కడుపునిండా తిని, గట్టిగా నవ్వుతూ ఉండాలి. అందరూ చెప్పండి: శ్రావణీ కార్తీక్‌లకి శుభం! ఇంకా గట్టిగా!