చారిత్రక సందర్భం బలహీనంగా ఉందన్న రెండో సమీక్షకుల అభ్యంతరానికి మా జవాబు

ఎడిటర్ గారికీ, రెండో సమీక్షకులకీ నమస్కారం.

1854 నాటి లండన్ కలరా పటం మీద మేం పంపిన వ్యాసాన్ని ఇంత శ్రద్ధగా చదివినందుకు థ్యాంక్స్. మొదటి సమీక్షకులు అడిగినవి చిన్న సవరణలే, అవన్నీ చేసేశాం. ఈ ఉత్తరం పూర్తిగా రెండో సమీక్షకుల అభ్యంతరం గురించే. "చరిత్ర ఇందులో గోడకి తగిలించిన ఫొటోలా ఉంది, తీసేసినా వాదన మారదు" అన్నారు మీరు. వ్యాసానికి అంతకన్నా పనికొచ్చే మాట మాకు ఇంకెవరూ చెప్పలేదు.

మా వాదన ఏంటంటే, కలరా నీళ్ల ద్వారా వస్తుందన్న లండన్ డాక్టర్ జాన్ స్నో చావుల్ని గుర్తిస్తూ గీసిన పటం ఒక్కటే దేన్నీ రుజువు చేయలేదు, దాని వెనకున్న విచారణ చేసింది. అలాంటప్పుడు ఆయన ఎవరిని ఒప్పించాల్సి వచ్చిందో చెప్పకపోతే ఈ మాటకి బలం లేదు. అప్పట్లో చాలామంది డాక్టర్లూ అధికారులూ నమ్మింది మయాస్మాని, అంటే కుళ్ళు నుంచి పుట్టే చెడుగాలే రోగానికి మూలమని. బ్రాడ్ స్ట్రీట్‌లో జనం నీళ్లు పట్టుకునే పంపు చుట్టూ చావుల గుర్తులు గుంపుగా ఉన్నాయంటే వాళ్లు కూడా ఒప్పుకుంటారు, అక్కడ చెడుగాలి పేరుకుందంటారు, అంతే. కాబట్టి స్నోకి అసలు ఆధారం గుంపు కాదు, ఆ గుంపుకి లొంగని చోట్లు. దగ్గర్లో పేదల్ని ఉంచే వర్క్‌హౌస్‌లో 535 మంది ఉంటే కలరాతో పోయింది 5 మందే, వాళ్లకి సొంత బావి ఉంది. అదే వీధిలోని బీరు ఫ్యాక్టరీలో 70 మందికి పైగా పనివాళ్లుంటే ఒక్కరూ చనిపోలేదు, వాళ్లు ఆ పంపు నీళ్ల జోలికే వెళ్లలేదు. గాలి మాత్రం అందరూ పీల్చింది ఒకటే. రెండో భాగాన్ని ఇప్పుడు ఈ వరుసలో తిరగరాశాం, మయాస్మా పరిచయ పేరాలోంచి వాదన మధ్యలోకి వచ్చింది.

ఇక ఎవరూ నీళ్లు తోడకుండా తీసేసిన పంపు పిడి సంగతి. "సెప్టెంబరు 8న పిడి తీశారు, చావులు తగ్గాయి" అని పాత ప్రతిలో ఉన్న వాక్యం మీకు ఇబ్బందిగా అనిపించింది. రెండు ముక్కలూ నిజమే, కానీ పక్కపక్కన పెడితే మొదటిది రెండోదానికి కారణమన్నట్టు వినిపిస్తుంది. కొత్త వాక్యం ఇది: "పిడి తీసేనాటికే చావులు బాగా తగ్గుముఖం పట్టాయి, జనం ఆ ప్రాంతం వదిలి పోవడం అందుకు ఒక కారణమని స్నోనే రాశాడు, పటం ఆ తర్వాత వచ్చింది." ఫుట్‌నోట్‌లో ఉన్న హెన్రీ వైట్‌హెడ్‌ని కూడా పైకి తెచ్చాం. స్నో మాట మొదట నమ్మని ఈ పాదిరీయే ఇంటింటికీ తిరిగి, పంపు నీళ్లు చెడటానికి మూలమనిపించిన 40వ నంబరు ఇంట్లోని పసిబిడ్డ జబ్బు దాకా ఆరా తీశాడు.

స్నోని కాదన్నవాళ్లు మా వ్యాసంలో మూర్ఖుల్లా కనిపిస్తున్నారన్న మాట మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. అందుకే అప్పట్లో ప్రభుత్వం తరఫున చావుల లెక్కలు చూసిన విలియం ఫార్ మీద ఒక పేరా కొత్తగా రాశాం. నేల ఎత్తు పెరిగేకొద్దీ కలరా చావులు తగ్గుతాయని ఆయన 1852లో లెక్కలతో చూపించాడు, ఆ లెక్కలు గట్టివే, వాటికి చెప్పుకున్న చెడుగాలి కారణం నిలబడలేదు. అదే ఫార్ 1866లో తూర్పు లండన్‌లో కలరా వచ్చినప్పుడు నీళ్ల కంపెనీ వైపు వేలు చూపించాడు. వ్యాసం మొత్తంలో ఇప్పుడు మాకు బాగా నచ్చిన పేరా ఇదే.

దక్షిణ లండన్ విషయం మీరు అడిగినట్టే చేర్చాం. లాంబెత్ కంపెనీ 1852లో నీళ్లు తోడే చోటును థేమ్స్ నదిలో నగరం మురుగు కలవని ఎగువకి మార్చింది, సదర్క్ అండ్ వాక్సాల్ కంపెనీ బాటర్‌సీ దగ్గరే తోడుతూ ఉండిపోయింది. పక్కపక్క ఇళ్లకే వేర్వేరు కంపెనీల నీళ్లు. స్నో లెక్కలో 10,000 ఇళ్లకి చావులు లాంబెత్ వైపు 37, సదర్క్ అండ్ వాక్సాల్ వైపు 315. చెడుగాలి వాదనకి ఇంతకంటే గట్టి జవాబు పటంలో లేదు.

ఒక్క సూచన మాత్రం పాటించలేదు. కథని 1884 దాకా, కలరా క్రిమిని గుర్తించిన రాబర్ట్ కోఖ్ దాకా తీసుకెళ్లమన్నారు. అలా చేస్తే చదివేవాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత దొరికిన జవాబు చేతిలో పెట్టుకుని 1854 వాళ్లకి మార్కులు వేస్తారు. అప్పుడు చేతిలో ఉన్న ఆధారాలతో ఎవరు ఎంతవరకు చెప్పగలిగారన్నదే మా ప్రశ్న. ఫిలిప్పో పచీని 1854లోనే ఆ క్రిమిని సూక్ష్మదర్శినిలో చూశాడు, కానీ లండన్‌లో జరిగిన ఈ వాదనలో దానికి పాత్ర లేదు, అందుకే ఆయన్నీ తేలేదు. ఎడిటర్ గారు తప్పనిసరి అంటే ముగింపులో ఒక వాక్యం రాస్తాం, ఒక భాగం మాత్రం రాయలేం.

వీటికి చోటు కోసం నాలుగో భాగంలో ఇప్పటి మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ గురించిన రెండు పేరాలు తీసేశాం. మారిన వాక్యాలన్నీ ప్రతిలో నీలం రంగులో ఉన్నాయి. ఫార్ పేరా మీద రెండో సమీక్షకుల అభిప్రాయం ప్రత్యేకంగా తెలుసుకోవాలని ఉంది, వీలైతే చెప్పండి.

ఇట్లు,
వ్యాస రచయితలు