ఎక్స్‌పైరీ దగ్గరపడిన మందుల వాపసు, క్రెడిట్ నోట్ గురించి

తెనాలి
13 అక్టోబర్ 2025

శ్రీ ప్రసాద్ గారికి,
ప్రొప్రయిటర్, శ్రీ కోటేశ్వర ఏజెన్సీస్, గుంటూరు.

నమస్కారం.

ఈ నెల ఎక్స్‌పైరీ రిజిస్టర్ చూస్తుంటే మీ దగ్గర కొన్న నాలుగు ఐటమ్‌లు జనవరి, మార్చి మధ్య గడువు ముగిసేవిగా తేలాయి. అవి ఇక్కడ ఇక అమ్ముడుపోవు. క్రెడిట్ మీద వాపసు తీసుకోమని ఈ ఉత్తరం రాస్తున్నాను. వివరాలు ఇవి:

సెఫిక్సిమ్ డ్రై సిరప్ 30 మి.లీ., బ్యాచ్ సీఎస్ 2408, ఎక్స్‌పైరీ 01/2026: 120 సీసాలు, రూ. 38 చొప్పున రూ. 4,560. (బిల్లు 3127, 21-1-2025)
అమాక్సిసిలిన్ క్లావులనేట్ డ్రై సిరప్ 30 మి.లీ., బ్యాచ్ ఏసీ 0931, ఎక్స్‌పైరీ 02/2026: 60 సీసాలు, రూ. 46 చొప్పున రూ. 2,760. (అదే బిల్లు)
మాంటెలుకాస్ట్ లెవోసెటిరిజిన్ సిరప్ 60 మి.లీ., బ్యాచ్ ఎంఎల్ 1176, ఎక్స్‌పైరీ 02/2026: 84 సీసాలు. వీటిలో స్కీమ్ కింద ఫ్రీగా వచ్చినవి 8, వాటికి నేను క్రెడిట్ అడగడం లేదు. మిగతా 76 సీసాలకు రూ. 62 చొప్పున రూ. 4,712. (బిల్లు 3590, 4-3-2025)
టెల్మిసార్టన్ 40, 15 మాత్రల స్ట్రిప్పు, బ్యాచ్ టీఎం 5520, ఎక్స్‌పైరీ 03/2026: 40 స్ట్రిప్పులు, రూ. 54 చొప్పున రూ. 2,160. (బిల్లు 0842, 8-7-2025)

మొత్తం రూ. 14,192. బిల్లుల్లో వేసిన 12 శాతం జీఎస్టీ రూ. 1,703.04 కలిపితే రూ. 15,895.04.

మిగిలిపోవడానికి కారణం మీకూ తెలిసే ఉంటుంది. మా వీధిలో పిల్లల డాక్టర్ గారు మే నెలలో క్లినిక్ మూసి విజయవాడ వెళ్లిపోయారు. సిరప్‌లు మూడూ ఆయన ప్రిస్క్రిప్షన్ల మీద పోయేవే. వానాకాలంలో జలుబు, దగ్గుతో వచ్చేవాళ్లకైనా మాంటెలుకాస్ట్ కదులుతుందనుకున్నాను, కానీ కొత్తగా వచ్చిన డాక్టర్ గారు వేరే బ్రాండ్ రాస్తున్నారు. టెల్మిసార్టన్ సంగతి వేరు. బీపీ మాత్రలు రోజూ వాడేవాళ్లు రెండు మూడు నెలలకు ఒకేసారి తీసుకుంటారు. స్ట్రిప్పు తిప్పి మార్చి అని చూడగానే కొత్త సరుకు ఇవ్వమంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

మీ బిల్లు వెనక అచ్చు వేసిన నిబంధన ప్రకారం గడువుకు 90 రోజుల ముందు పంపిన సరుకు వాపసు తీసుకుంటారు. జనవరి బ్యాచ్‌కు కూడా ఇంకా 110 రోజులు ఉంది. గుంటూరులో పిల్లల ఆసుపత్రుల దగ్గరున్న షాపులకు ఈ సీసాలు ఇప్పుడు పంపితే అమ్ముడుపోతాయి. అదే జనవరిలో నేను వీటిని పంపితే మీ చేతిలోనూ చెత్తే. సీసాలన్నీ సీలుతోనే ఉన్నాయి. కట్ స్ట్రిప్పులు లేవు, ఫ్రిజ్ ఐటమ్‌లు లేవు, అట్టల మీద మా స్టిక్కర్లు కూడా లేవు.

ముఖ్యంగా ఒక విషయం గమనించగలరు. మొదటి రెండు బిల్లులు 2024-25 ఆర్థిక సంవత్సరానివి. వాటి మీద జీఎస్టీ క్రెడిట్ నోట్‌ను ఈ నవంబర్ 30 లోపు రిటర్న్‌లో చూపాలి. నవంబర్ తేదీతో రాస్తే అది డిసెంబర్‌లో వేసే రిటర్న్‌లోకి పోతుంది, గడువు దాటిపోతుంది. అందుకే అక్టోబర్ తేదీతోనే ఇప్పించండి. అప్పుడు నవంబర్ 11 లోపు వేసే మీ జీఎస్టీఆర్-1లో వచ్చేస్తుంది. గడువు తప్పితే పన్ను తగ్గించుకునే వీలు పోయేది మీకే. నేను వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను నా వైపు రివర్స్ చేస్తాను.

సెప్టెంబర్ 22 నుంచి మందుల మీద జీఎస్టీ రేటు 5 శాతానికి తగ్గింది కదా అని మీ అకౌంటెంట్ గారు క్రెడిట్ నోట్ కూడా 5 శాతంతో వేస్తారేమోనని చిన్న సందేహం. పాత బిల్లు నంబరు, తేదీ రాసి, ఆ బిల్లులో ఉన్న 12 శాతంతోనే వేయాలి.

డబ్బు చేతికి ఇవ్వనక్కర్లేదు, రాబోయే బిల్లుల్లో తగ్గించుకుంటే చాలు. ఈ క్రెడిట్ వచ్చేదాకా పాత బాకీ ఆపుతానన్న అనుమానం కూడా వద్దు. సెప్టెంబర్ బిల్లుల చెక్కు మీ అబ్బాయి మంగళవారం డెలివరీకి వచ్చినప్పుడు ఇస్తాను.

సరుకు రెండు అట్టపెట్టెల్లో సర్ది, ప్యాకింగ్ లిస్టు పైన అంటించి ఉంచాను. శుక్రవారం 17న మీ ఆటో తిరిగి వెళ్లేటప్పుడు ఎక్కించుకోమని చెప్పండి, దీపావళి రద్దీలో పడితే ఎవరికీ తీరిక ఉండదు. లెక్కపెట్టి, ప్యాకింగ్ లిస్టు కాపీ మీద సంతకం చేసి ఇస్తే చాలు. ఏదైనా ఐటమ్ తీసుకోలేమనుకుంటే గురువారం లోపు ఫోన్ చేసి చెప్పండి, అది పక్కన పెట్టి మిగతావి పంపుతాను.

ఇట్లు,
వెంకట రమణ
ప్రొప్రయిటర్, సాయి వెంకట మెడికల్స్, తెనాలి

జతపరిచినవి: మూడు బిల్లుల కాపీలు, ప్యాకింగ్ లిస్టు