ఫ్రేములపై 30 శాతం తగ్గింపు, కంటి పరీక్ష ఉచితం

ఫోన్ దూరంగా పెట్టుకుంటే గానీ అక్షరాలు కనిపించట్లేదా? నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం మామూలే, టెన్షన్ వద్దు. ఒకసారి చూపించుకోండి.

ఈ నెల 10 నుంచి 25 వరకు మా షాపులో ఏ ఫ్రేమ్ తీసుకున్నా 30 శాతం తగ్గింపు. పవర్ పరీక్ష అందరికీ ఉచితం. ఏమీ కొనకపోయినా సరే, పవర్ చీటీ రాసిస్తాం. పాత కళ్లజోడు ఉంటే తప్పకుండా తెచ్చుకోండి.

షరతులు ముందే చెప్తున్నాం: తగ్గింపు ఫ్రేముకే, లెన్సులకు మామూలు ధరే. ఒక్కరికి ఒక ఫ్రేమ్. మరో ఆఫర్‌తో కలపడం కుదరదు. కొత్త అద్దాలతో చూపు సరిగ్గా కుదరకపోతే 15 రోజుల్లోపు బిల్లుతో రండి, మళ్లీ పరీక్షించి లెన్సులు ఉచితంగా మారుస్తాం.

ఇది పవర్ చూసే పరీక్ష మాత్రమే. కంటి నొప్పి, ఎరుపు, ఉన్నట్టుండి చూపు మసకబారడం ఉంటే ఆఫర్ కోసం ఆగకుండా వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.